కామా పడితే 240 టిక్కీలు, పడకపోతే 38

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక వ్యాపారి ఆఫీసులో ఉత్తరాలు రాసే పని నాది. 240 తేజ రకం మిర్చి టిక్కీల్లో, అంటే బస్తాల్లో, 38 తేమగా ఉంటే రైతుకు తిరిగి ఇచ్చేశాం. ఆ సంగతి చెన్నై పార్టీకి ఇంగ్లీషులో ఇలా రాశాను: "ద బ్యాగ్స్, విచ్ హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్, వర్ రిటర్న్‌డ్." మొత్తం సరుకు తిరిగి ఇచ్చేశామని వాళ్ళు అనుకున్నారు, ఆర్డరు రద్దు చేస్తామంటున్నారు. కామాల వల్లే ఇలా జరిగిందని మా అకౌంటెంటు గారు అంటున్నారు. రెండు కామాలకు అంత తేడా వస్తుందా? ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు?

జవాబు:

మీ అకౌంటెంటు గారు చెప్పింది నిజం. చెన్నై వాళ్ళు మీ వాక్యాన్ని తప్పుగా చదవలేదు, అందులో ఉన్నదే చదివారు. నేను విజయవాడ గవర్నరుపేటలో ఇరవై ఏళ్ళకు పైగా దస్తావేజులు, ఉత్తరాలు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ మొదట తడబడింది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంగ్లీషు వాక్యాలను మీలాగే తెలుగు అక్షరాల్లో ఇస్తాను. చదివేటప్పుడు మీ చూపు కామాల మీద ఉండాలి.

మీ వాక్యాన్నే రెండు రకాలుగా రాసి చూద్దాం.

"ద బ్యాగ్స్ విచ్ హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్ వర్ రిటర్న్‌డ్."

"ద బ్యాగ్స్, విచ్ హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్, వర్ రిటర్న్‌డ్."

మొదటి వాక్యంలో "విచ్" నుంచి "పర్సెంట్" వరకు ఉన్న ముక్క ఒక జల్లెడ. 240 టిక్కీలను అందులో పోస్తే తేమ ఎక్కువున్నవి ఒక పక్కకు, మిగిలినవి ఇంకో పక్కకు వస్తాయి. తిరిగి ఇచ్చింది ఆ ఒక పక్కవే. రెండో వాక్యంలో జల్లెడ లేదు. అక్కడ "ద బ్యాగ్స్" అనగానే ఏ టిక్కీలో తేలిపోయింది: ఇంతకుముందు మాట్లాడుకున్న ఆ 240. వాటి గురించి మరో విషయం కూడా చెబుతున్నాను అని రెండు కామాల మధ్య పెట్టారు. అంటే 240 టిక్కీల్లోనూ తేమ ఎక్కువే, 240 తిరిగి ఇచ్చేశారు. చెన్నైలో కూర్చున్న మనిషికి యార్డులో జరిగింది కనబడదు. ఆయనకు కనబడేది ఆ రెండు కామాలే.

వ్యాకరణ పుస్తకాల్లో మొదటిదాన్ని రెస్ట్రిక్టివ్ అని, రెండోదాన్ని నాన్ రెస్ట్రిక్టివ్ అని అంటారు. బ్రిటిష్ పాఠ్యపుస్తకాల్లో డిఫైనింగ్, నాన్ డిఫైనింగ్ అని కనిపిస్తుంది. పేర్లు వేరైనా విషయం ఒక్కటే. నేను మాత్రం మొదటిదాన్ని ఎంచే వాక్యం అని, రెండోదాన్ని చేర్చే వాక్యం అని చెబుతుంటాను. ఎంచేదానికి కామా లేదు, చేర్చేదానికి రెండు పక్కలా కామా ఉండాలి.

ఇంత తేలిక అయితే మనం ఎందుకు తడబడతాం? ఈ తేడాను తెలుగు వాక్యం రూపంలో చూపించదు, కారణం అదే. "తేమ ఎక్కువగా ఉన్న టిక్కీలను తిరిగి ఇచ్చేశాం" అని రాసి చూడండి. "ఉన్న" అనే క్రియాజన్య విశేషణం టిక్కీల ముందు వచ్చి కూర్చుంది. ఇది ఎంచుతోందా, చేర్చుతోందా? రూపాన్ని బట్టి చెప్పలేం. ఇదే అచ్చులో పోసిన మరో మాట చూడండి: "వయసు మీద పడిన మా నాన్నను ఒంటరిగా పంపలేను." ఇక్కడ "పడిన" ఎవరినీ ఎంచడం లేదు. వయసు మీద పడని నాన్న ఇంకొకరు లేరు కదా. "కృష్ణ ఒడ్డున ఉన్న విజయవాడ" అన్నా అంతే. తెలుగు వినేవాడు లోకజ్ఞానంతో ఈ తేడా పట్టుకుంటాడు, రాసేవాడు ఏ గుర్తూ పెట్టనక్కర్లేదు. పెడదామన్నా చోటు లేదు. "తేమ ఎక్కువగా ఉన్న, టిక్కీలను" అని కామా పెడితే చూపు తట్టుకుంటుందే తప్ప అర్థం మారదు. అసలు మన తాళపత్రాల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు, కామా మనకు అచ్చు పుస్తకాలతో వచ్చింది. అందుకే మనకు అది ఊపిరి తీసుకునే చోటులాగా అనిపిస్తుంది. ఇంగ్లీషులో ఇలాంటి చోట అది అర్థాన్ని మోస్తుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్ళం, తెలుగు అడగని ప్రశ్నకు ఇంగ్లీషులో జవాబు చెప్పాల్సి వస్తుంది.

అయితే ఆ జవాబు కనిపెట్టడానికి పనికొచ్చే పనిముట్టు కూడా తెలుగులోనే ఉంది. "ఏ... ఆ..." అని జంటగా నడిచే వాక్యం మనకుంది కదా. మీ మాటను దానిలోకి మార్చి చూడండి. "ఏ టిక్కీల్లో అయితే తేమ ఎక్కువగా ఉందో ఆ టిక్కీలను తిరిగి ఇచ్చేశాం." చక్కగా కుదిరింది, యార్డులో జరిగింది కూడా అదే. ఈ "ఏ, ఆ" జంట ఎప్పుడూ ఎంచే పనే చేస్తుంది. కాబట్టి ఇంగ్లీషులో కామా వద్దు. ఇప్పుడు నాన్నగారి మాటను అలా మార్చండి. "ఏ నాన్నకైతే వయసు మీద పడిందో ఆ నాన్నను పంపలేను." వినడానికే విడ్డూరంగా ఉంది. అంటే అక్కడ ఎంచే పని లేదు, ఇంగ్లీషులో రెండు కామాలూ పడాలి. ఆ మాటను రెండు వాక్యాలుగా విడగొట్టినా ఇదే తేలుతుంది. "మా నాన్నను ఒంటరిగా పంపలేను. ఆయనకు వయసు మీద పడింది." ఏ నష్టమూ లేకుండా విడిపోయింది. మీ టిక్కీల మాటను అలా విడగొడితే "టిక్కీలను తిరిగి ఇచ్చేశాం. వాటిలో తేమ ఎక్కువగా ఉంది" అవుతుంది. మీకే గుండె జారుతుంది, ఎందుకంటే మిగిలిన 202 కూడా ఇచ్చేసినట్టు అయింది. మీ కామాలు చెన్నై వాళ్ళకు వినిపించింది సరిగ్గా ఈ రెండు వాక్యాలే.

దీన్నే ఇంకా చిన్నగా చెప్పాలంటే, రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మిగిలినవి ఉన్నాయా? తేమ ఎక్కువున్నవి పోగా ఇంకా టిక్కీలు మిగిలాయా? మిగిలితే కామా వద్దు. ఏమీ మిగలకపోతే కామాలు కావాలి.

ఇక్కడ బడిలో నేర్పే ఒక సూత్రం గురించి చెప్పాలి. ముఖ్యమైన సమాచారమైతే కామా వద్దు, ముఖ్యం కాకపోతే కామా పెట్టండి అని చాలామంది నేర్చుకుని ఉంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆ మాట నాకు చాలా ఇబ్బంది తెచ్చింది, నా దగ్గరికి వచ్చిన పిల్లలకూ తెస్తోంది. ముఖ్యం అనేది మనసుకు సంబంధించినది, ఎంచడం అనేది లెక్కకు సంబంధించినది. మీ 240 టిక్కీలూ నిజంగానే తడిసి ఉంటే, తేమ అనేది ఆ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అయ్యేది. అయినా కామాలు పడాల్సిందే, ఎందుకంటే మిగిలినవి లేవు. ముఖ్యమా కాదా అని తూచకండి, మిగిలినవి ఉన్నాయా లేవా అని చూడండి.

దీన్నిబట్టి కామాను నిర్ణయించేది వ్యాకరణం కాదు, యార్డులో ఉన్న సరుకు అని మీకు అర్థమవుతుంది. ఉదాహరణకు మీ ఉత్తరంలో ముందు వాక్యం ఇలా ఉందనుకోండి: సోమవారం రెండో లారీలో 38 టిక్కీలు వచ్చాయి, అన్నీ వానలో తడిశాయి. ఆ తర్వాత మీరు "ద బ్యాగ్స్, విచ్ హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్, వర్ రిటర్న్‌డ్" అని రాస్తే అది తప్పులేని వాక్యం. అక్కడ "ద బ్యాగ్స్" అంటే ఆ 38 మాత్రమే, అన్నిటిలోనూ తేమ ఉంది, ఎంచడానికి ఏమీ లేదు. అక్షరం మారలేదు, కామా మారలేదు, అయినా ఒక ఉత్తరంలో ఒప్పు, ఇంకో ఉత్తరంలో తప్పు. కాబట్టి ఒక వాక్యాన్ని విడిగా తెచ్చి ఇందులో కామా ఉండాలా అని ఎవరైనా అడిగితే నేను దాని ముందు వాక్యం చూపించమంటాను.

పేర్ల విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ ఒక్కటే. "ప్రకాశం బ్యారేజ్, విచ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957, క్రాసెస్ ద కృష్ణా" అని రెండు కామాలతో రాయాలి. కామాలు తీసేస్తే 1957లో పూర్తికాని ప్రకాశం బ్యారేజీ ఇంకొకటి ఉన్నట్టు అవుతుంది. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు అన్నిటికీ మామూలుగా ఇంతే. దీనికి ఎదురు కొసలో "ఎవ్రీ", "ఎనీ", "నో" అనే మాటలున్నాయి. "ఎవ్రీ ఫార్మర్ హూ బ్రాట్ వెట్ స్టాక్" అన్నచోట కామా ఎప్పుడూ పడదు. "ప్రతి రైతూ" అని ఆగిపోతే ఏ రైతులో తేలలేదు కాబట్టి, ఎంచే ముక్క లేకుండా ఆ మాట నిలబడదు.

చుట్టాల మాటల దగ్గర మాత్రం ఎంతో జాగ్రత్త కావాలి. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట ఒక పెద్దాయన వీలునామాను ఇంగ్లీషులోకి మార్చాను. తెలుగులో "నన్ను చూసుకుంటున్న నా కుమార్తెకు ఇల్లు చెందవలెను" అని ఉంది. నేను "మై డాటర్, హూ లుక్స్ ఆఫ్టర్ మి," అని కామాల మధ్య పెట్టి రాశాను. చదవడానికి సాఫీగా ఉంది. రెండు రోజుల తర్వాత ఆయన వకీలు ఫోను చేసి, "ఆయనకు కూతురు ఒక్కతేనని మీకు ఎవరు చెప్పారండీ?" అని అడిగారు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనకు ముగ్గురు కూతుళ్ళు. కామాలు పెట్టడం వల్ల "మై డాటర్" దగ్గరే లెక్క ముగిసిపోయింది, ఒక్క కూతురే ఉన్నట్టు, ఆ అమ్మాయి నాన్నను చూసుకుంటున్నట్టు అయింది. కామాలు తీసేస్తే ముగ్గురిలో చూసుకుంటున్న కూతురు అవుతుంది. నా దగ్గరున్న తెలుగు కాగితంలో ఎంతమంది కూతుళ్ళో లేదు. నేను అడిగి తెలుసుకోవాల్సింది, అడగలేదు. అది నా తప్పు. సంతకాలకు ముందే బయటపడింది కాబట్టి సరిదిద్దగలిగాం. కామాలు తీసేయడంతో సరిపెట్టకుండా ఆ అమ్మాయి పేరు, పుట్టిన తేదీ కూడా చేర్చాం. ఆ రోజు నుంచి అన్న, తమ్ముడు, కూతురు, అల్లుడు అనే మాట పక్కన ఇలాంటి ముక్క కనబడితే, మొత్తం ఎంతమంది అని అడగనిదే రాయను.

ఇక మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు గురించి. మీరు కనీసం రెండు కామాలు పెట్టారు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా కనబడేది ఒంటి కామా. "ద బ్యాగ్స్ విచ్ హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్, వర్ రిటర్న్‌డ్." కర్త పొడుగ్గా అయింది కదా అని క్రియకు ముందు ఊపిరి తీసుకున్నారు. ఇది ఎంచే వాక్యంగానూ చెల్లదు, చేర్చే వాక్యంగానూ చెల్లదు. ఎంచేదైతే ఒక్క కామా కూడా ఉండకూడదు, చేర్చేదైతే ఇంకొకటి తక్కువైంది. చదివేవాడు దేన్ని నమ్మాలో తెలియక తనకు తోచింది అనుకుంటాడు. ఈ కామాలు తలుపు రెక్కల్లాంటివి, ఒకటి వేసి ఒకటి తెరిచి పెట్టకూడదు. వాక్యం చివర వచ్చే ముక్కకు మాత్రం రెండో కామా బదులు పూర్ణవిరామమే సరిపోతుంది.

"విచ్" బదులు "దట్" వాడితే ఈ బాధ తప్పుతుందా అని మీకు అనిపించవచ్చు. కొంతవరకు తప్పుతుంది. "దట్" నేటి ఇంగ్లీషులో ఎంచే వాక్యంలోనే వస్తుంది, కామా తర్వాత రాదు. "ద బ్యాగ్స్ దట్ హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్ వర్ రిటర్న్‌డ్" అని రాసి ఉంటే చెన్నైలో ఎవరికీ సందేహం వచ్చేది కాదు. "విచ్" రెండు పనులూ చేస్తుంది కాబట్టే అక్కడ కామా మీద అంత భారం పడుతోంది. ఎంచడానికి "దట్", చేర్చడానికి "విచ్" అని విడదీసుకుంటే బాగుంటుందని ఇంగ్లీషు వాడుక మీద పేరున్న పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే సూచించారు, అందరూ అలా రాయడం లేదని కూడా ఆయనే ఒప్పుకున్నారు. అమెరికా సంపాదకులు చాలామంది దాన్ని నియమంగా పట్టుకున్నారు. బ్రిటిష్ రాతలో, మన దేశపు రాతలో ఎంచే "విచ్" ఇప్పటికీ తప్పు కాదు. అయినా సరుకు, డబ్బు, ఆస్తి గురించిన ఉత్తరాల్లో ఎంచేచోట "దట్" రాయండి అనే నేను చెబుతాను. కామా ఎక్కడో జారిపోయినా మాట నిలబడుతుంది. మనుషుల విషయంలో "హూ" వస్తుంది, అది రెండు పనులూ చేస్తుంది, అక్కడ కామా తప్ప వేరే దిక్కు లేదు.

ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది. "ద బ్యాగ్స్ విచ్ వి రిటర్న్‌డ్" అనేదాంట్లో "విచ్" తీసేసి "ద బ్యాగ్స్ వి రిటర్న్‌డ్" అన్నా ఇంగ్లీషు ఒప్పుకుంటుంది. ఇలా తీసేయడం ఎంచే వాక్యంలోనే కుదురుతుంది, అదీ ఆ మాట కర్తగా లేనప్పుడే. కామాల మధ్య ఉన్న "విచ్"ను తీయలేం.

ఇంత చెప్పాక మీ అసలు ఇబ్బందికి వస్తాను. మీరు కామాలు తీసేసి అదే వాక్యం మళ్ళీ పంపితే వ్యాకరణం సరిపోతుంది, పని జరగదు. 202 టిక్కీల సంగతిని ఒక కామా ఉందా లేదా అన్నదాని మీద వేలాడదీయకూడదు. ఫోనులో తొందరగా చదివే మనిషి కామా చూడడు. కోర్టులు కూడా విరామచిహ్నాల మీద పూర్తిగా ఆనుకోవు. 1952లో అశ్వినీ కుమార్ ఘోష్ కేసులో, చట్టానికి అర్థం చెప్పుకోవడంలో విరామచిహ్నాలది చిన్న పాత్రేనన్న మాట మన సుప్రీంకోర్టులోనే వచ్చింది. కాబట్టి అంకెను వాక్యంలోకి తీసుకురండి. ఇలా రాయండి:

"ఆఫ్ ద 240 బ్యాగ్స్, 38 హ్యాడ్ మాయిశ్చర్ అబవ్ 11 పర్సెంట్. దీజ్ 38 వర్ రిటర్న్‌డ్ టు ద ఫార్మర్. ద రిమైనింగ్ 202 ఆర్ రెడీ ఫర్ డిస్పాచ్."

ఇందులో "విచ్" అసలు లేదు. తప్పుగా చదవడానికి చోటూ లేదు. ఒకే వాక్యంలో కావాలంటే "ద 240 బ్యాగ్స్, 38 ఆఫ్ విచ్ వర్ డ్యాంప్, కేమ్ ఆన్ మండే" అనవచ్చు. ఇక్కడ రెండు కామాలూ పడాలి, ఎందుకంటే 240 అనగానే ఏ టిక్కీలో తేలిపోయింది. అందులో 38 తేమవి అన్నది చేర్చిన సంగతి. తేమ సంగతి అదే, కామాలూ ఉన్నాయి, అయినా మిగిలిన 202కు ఏ ప్రమాదమూ లేదు.

మీ పాత ఉత్తరం గురించి చెన్నై వాళ్ళకు ఒక మాట రాయడం మంచిది. కామాల పాఠం వాళ్ళకు అక్కర్లేదు. మా మొదటి ఉత్తరంలోని వాక్యం మొత్తం సరుకు తిరిగి ఇచ్చినట్టు అర్థమిచ్చింది, పొరపాటు మాదే, వివరాలు ఇవి అని చెప్పి పైన ఇచ్చిన మూడు వాక్యాలూ పెట్టండి. తేమ కొలిచిన చీటీలు 38 టిక్కీలవీ, మిగిలినవాటివీ విడివిడిగా ఉంటే వాటినీ జతచేయండి. లారీలో ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న 202 టిక్కీల లాట్ నంబర్లు కూడా ఇస్తే, ఆ ఉత్తరం చదివే మనిషి ఆర్డరు రద్దు చేసే ముందు మీకు ఫోను చేస్తాడు.